మైకు చేతికొచ్చిన రెండు నిమిషాలు

గెస్ట్ లెక్చర్ ముగిశాక క్లాసు తరఫున సీఆర్ చెప్పే నాలుగు మాటలూ, అడిగే తొలి ప్రశ్నా వేర్వేరు పనుల్లా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒక్కటే.

కాలేజీ సెమినార్ హాల్లో గెస్ట్ లెక్చర్ జరిగిన ప్రతిసారీ చివర్లో ఓ ఇబ్బందికరమైన ఘట్టం వస్తుంది. వక్త గంటసేపు మాట్లాడి, రెండు గుక్కల నీళ్లు తాగి, "సందేహాలుంటే అడగండి" అంటారు. హాలంతా నిశ్శబ్దం. ముందు వరసలోని లెక్చరర్లు మెడలు తిప్పి వెనక్కి చూస్తారు. వెనక బెంచీల్లో ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు. పది సెకన్లు గడిచేసరికి హెచ్‌వోడీ గారు లేచి, సమయాభావం అంటూ శాలువా తెమ్మని సైగ చేస్తారు. అలాగని పిల్లల దగ్గర అడగడానికేమీ లేక కాదు. వక్త మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్తుంటే నలుగురైదుగురు వెంటపడి అడిగేవి అవే. అప్పటికి మాత్రం వినడానికి మిగతా క్లాసు అక్కడ ఉండదు.

ఈ ఇబ్బంది తప్పించడానికే చాలా విభాగాల్లో ఆ ఘట్టాన్ని సీఆర్‌కి, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్‌కి అప్పగిస్తారు. వక్త ముగించగానే సీఆర్ లేచి, క్లాసు తరఫున రెండు మాటలు చెప్పి, తొలి ప్రశ్న తనే అడుగుతారు. ఆ తర్వాత మైకు హాల్లోకి వెళ్తుంది. సభ ఆఖర్న వచ్చే వందన సమర్పణ వేరు. అందులో ప్రిన్సిపాల్ గారి నుంచి మైకు సెట్టు అబ్బాయి దాకా అందరి పేర్లూ రావాలి, ఎవరి పేరైనా మరిచిపోతే మాట పడాలి. సీఆర్‌కి ఆ బాధ్యత లేదు. ఎదుట ఉన్నది ఒక్క మనిషి, ఇప్పుడే విన్నది ఒక్క ఉపన్యాసం. చేతిలో ఉన్నది రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలూ మామూలుగా ఎలా ఖర్చవుతాయో మనకు తెలుసు. "అమూల్యమైన సమయాన్ని వెచ్చించి, ఎన్నో పనుల ఒత్తిడి ఉన్నా మా ఆహ్వానాన్ని మన్నించి, ఎంతో విలువైన విషయాలను మాకు తెలియజేసిన..." అంటూ రాత్రే కాగితం మీద రాసుకున్న మాటలు. వాటిలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ వాక్యాలు ఉపన్యాసం వినకముందే రాసినవి. వక్త ఏం మాట్లాడినా, అసలు రాకుండా వేరొకరు వచ్చినా వాటిలో మార్చాల్సింది పేరొక్కటే. ఆ సంగతి వక్తకూ తెలుసు, అందుకే మర్యాదగా నవ్వి ఊరుకుంటారు.

మొదటి ప్రశ్న ఎందుకంత ముఖ్యం?

హాలు మౌనంగా ఉండటానికి ఒక కారణం మనం ఇచ్చే వ్యవధి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతులను గమనించి ఒక చిన్న సంగతి పట్టుకున్నారు. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబివ్వనివాళ్లు తగ్గారు, పిల్లలు తమంతట తాము ప్రశ్నలడగడం పెరిగింది. ఇది స్కూలు తరగతి సంగతే అయినా సెమినార్ హాల్లో జరిగేదీ దాదాపు ఇదే. గంటసేపు విన్నదాన్ని ప్రశ్నగా మలచుకోవడానికి మనసుకు కొంత సమయం కావాలి. సీఆర్ మాట్లాడే ఆ రెండు నిమిషాలూ మిగతా క్లాసుకు ఆ సమయం దొరుకుతుంది. పైగా ఆ మాటలు ఉపన్యాసంలోని ఫలానా విషయం గురించి అయితే, వింటున్నవాళ్ల ఆలోచన కూడా అటే మళ్లుతుంది.

రెండో సంగతి, ఎవరు మొదలుపెడతారన్నది. అలీషియా కార్టర్, ఆమె సహ పరిశోధకులు 2018లో 'ప్లోస్ వన్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పది దేశాల్లోని 35 సంస్థల్లో జరిగిన దాదాపు 250 విభాగ సెమినార్లను గమనించి, ప్రశ్నలు ఎవరు అడుగుతున్నారో లెక్కపెట్టారు. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లు ప్రశ్న అడిగే అవకాశం రెండున్నర రెట్లు తక్కువగా కనిపించింది. మొదటి ప్రశ్న మగవాళ్ల నుంచి వచ్చిన సెమినార్లలో ఆడవాళ్ల ప్రశ్నల వాటా ఇంకా తగ్గింది. గమనించిన లెక్క కాబట్టి, మొదటి ప్రశ్నే దానికి కారణమని ఖాయంగా చెప్పలేం. అయినా మన కాలేజీలకు ఇందులో సులువుగా అందుకోదగ్గ సూచన ఉంది. చాలా క్లాసుల్లో సీఆర్‌లు ఇద్దరుంటారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. తొలి ప్రశ్న అమ్మాయికి ఇస్తే పోయేదేమీ లేదు.

ఒక ఉపన్యాసం, ఒక నోట్సు పేజీ

అసలు పని ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. కృష్ణా జిల్లా తీరంలో ఓ డిగ్రీ కాలేజీ, బీఎస్సీ ఫిజిక్సు రెండో సంవత్సరం అనుకోండి. విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రంలో పనిచేసి రిటైరైన అధికారి ఒకరు వచ్చి, తుపాను హెచ్చరికలు ఎలా తయారవుతాయో చెప్పారు. ఉపగ్రహ చిత్రాలు, రాడార్, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన తీరు, నాలుగు దశల హెచ్చరికలు... ఇలా సాగింది ఉపన్యాసం. మధ్యలో రేవుల్లో ఎగరేసే హెచ్చరిక నంబర్ల గురించి ఓ పది నిమిషాలు.

సీఆర్ అమ్మాయి రెండో వరసలో, నడవా పక్క కుర్చీలో కూర్చుంది. నోట్సులో ఒక పేజీని నిలువుగా మధ్యకు మడిచింది. ఎడమవైపు 'ఇవాళే తెలిసింది' అని రాసుకుంది, కుడివైపు 'ఇంకా తేలనిది'. ఉపన్యాసం మొత్తం రాసుకోవడం ఆమె పని కాదు. దానికి మిగతా అరవైమంది ఉన్నారు. తన అభిప్రాయం మారిన చోట మాత్రమే కలం కదిపింది. గంట ముగిసేసరికి ఎడమవైపు నాలుగు ముక్కలు, కుడివైపు మూడు. ఎడమవైపున్న వాటిలో ఒకదాని పక్కన నక్షత్రం గుర్తు వేసుకుంది: "8కీ 9కీ తేడా తీవ్రత కాదు. పక్క!"

ఆ ముక్క వెనకున్న సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రేవుల్లో హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని తీరంలో చాలామంది నమ్మకం. మొత్తమ్మీద చూస్తే అది నిజమే. అయిదు, ఆరు, ఏడు తుపానుకు సంబంధించిన ప్రమాద హెచ్చరికలు. ఎనిమిది, తొమ్మిది, పది తీవ్ర తుపానుకు సంబంధించిన పెను ప్రమాద హెచ్చరికలు. కానీ ఆ మూడేసి అంకెల లోపల లెక్క వేరు. తుపాను తన దారిలో వెళ్తూ రేవును ఎడమపక్కన వదిలేస్తుందనుకుంటే ఎనిమిది. కుడిపక్కన వదిలేస్తుందనుకుంటే తొమ్మిది. రేవు మీదుగానో, దానికి బాగా దగ్గరగానో దాటుతుందనుకుంటే పది. పదకొండు వస్తే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. అంటే ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య తుపాను బలం పెరగలేదు. రేవు దారికి ఏ పక్కన ఉందన్నదే మారింది. అధికారి బోర్డు మీద తీరాన్ని ఓ వంకర గీతగా గీసి, సముద్రం వైపు నుంచి ఒక బాణం వేసి, బాణానికి అటూ ఇటూ రెండు చుక్కలు పెట్టి ఈ సంగతి చెప్పారు. ఒక చుక్క పక్కన 8, రెండోదాని పక్కన 9.

కుడివైపు కాలమ్‌లో ఆమె రాసుకున్న మొదటి ముక్క సరిగ్గా ఆ బొమ్మకు సంబంధించిందే: "గాలి తిరిగే దిశ చూస్తే రెండు పక్కలా ఒకటే కాదు కదా?"

ఇక్కడే మాటలూ ప్రశ్నా కలిసిపోయాయి. కృతజ్ఞతకు విషయం ఎడమ కాలమ్ నుంచి, ప్రశ్నకు విషయం కుడి కాలమ్ నుంచి తీసుకోవాలి. రెండూ ఒకే సంగతికి చెందినవైతే మధ్యలో అతుకు కనిపించదు.

ఆమె ఏం మాట్లాడింది?

మైకు అందగానే ఆమె చెప్పిన మాటలు ఇలా ఉండొచ్చు:

"అందరికీ నమస్కారం. తుపాను హెచ్చరికల గురించి ఇంత వివరంగా చెప్పిన సార్‌కి సెకండియర్ ఫిజిక్సు తరఫున కృతజ్ఞతలు. సార్, మా క్లాసులో చాలామందిమి సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లమే. రేవులో ఫలానా నంబరు ఎగరేశారు అని టీవీలో వచ్చినప్పుడల్లా, ఇంట్లో పెద్దవాళ్లు నంబరును బట్టే భయపడటం చూశాం. ఎనిమిది కంటే తొమ్మిది పెద్ద తుపాను అనే మేమూ అనుకున్నాం. ఆ రెండింట్లో తుపాను బలం ఒకటేననీ, మారేది రేవు ఏ పక్కన ఉందన్నదేననీ మీరు బోర్డు మీద బాణం గీశాక తెలిసింది. ఇంటికి వెళ్లాక మావాళ్లకి చెప్పగలిగే సంగతి ఇది. థాంక్యూ సార్. నా ప్రశ్న కూడా ఆ బాణం దగ్గరి నుంచే అడుగుతాను."

నిదానంగా చదివినా నిమిషం దాటదు. ఇందులో ఏమున్నాయో, ఏం లేవో చూడండి. వక్త డిగ్రీలు, అవార్డులు, సర్వీసు సంవత్సరాలు లేవు. పరిచయం చేసినవారు అవన్నీ మొదట్లోనే చదివారు. ఉపన్యాసం సారాంశం లేదు. ఆయన చెప్పిందే ఆయనకు తిరిగి వినిపిస్తే విసుగు తప్ప ఫలితం ఉండదు. ఉన్నది ఒక్క సంగతి. క్లాసు ఇంతకుముందు ఏమనుకునేది, ఇప్పుడు ఏమనుకుంటోంది అన్నది. చెప్పిన మాట ఎక్కడ పట్టుకుందో వక్తకు తెలిసింది. ఏ వక్తకైనా అంతకంటే పనికొచ్చే కబురు ఉండదు.

'మేము' అనడంలోనూ ఒక మెళకువ ఉంది. సీఆర్ మాట్లాడేది అరవైమంది తరఫున. "నాకు ఈ సబ్జెక్టంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం" అని మొదలుపెడితే క్లాసు పక్కకు తప్పుకుని, మనిషి ముందుకొస్తుంది. అలాగని అందరి తరఫునా లేనిపోనివి ఒప్పుకోకూడదు. "మేమంతా వాతావరణ శాస్త్రంలోనే పైచదువులు చదవాలని నిర్ణయించుకున్నాం" అంటే వెనక బెంచీలు నవ్వకుండా ఉండవు.

ఆ తర్వాత ప్రశ్న:

"తుపాను గాలి అపసవ్య దిశలో తిరుగుతుందని చెప్పారు. అలాగైతే మన తీరంలో, దాని దారికి కుడిపక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమపక్కన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. మరి ఉప్పెన సంగతి చూస్తే, ఎనిమిదో నంబరున్న చోటు కంటే తొమ్మిదో నంబరున్న చోటే ఎక్కువ జాగ్రత్త పడాలా, సార్?"

అంతే. ఆమె కూర్చుంది.

జవాబు ఎటు వెళ్లింది?

ఇలాంటి ప్రశ్న విన్న వక్త చేసే మొదటి పని బోర్డు వైపు తిరగడం. జవాబు తయారుగా లేని ప్రశ్న వచ్చిందనడానికి అది మంచి గుర్తు. ఆయన అదే బాణం చుట్టూ గాలి దిశలు గీసి చూపించారనుకోండి. లెక్క తేలిగ్గా ఉండేందుకు, గాలి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో సుడి తిరుగుతోంది, తుపాను మొత్తంగా గంటకు ఇరవై కిలోమీటర్ల చొప్పున తీరం వైపు కదులుతోంది అనుకుందాం. కుడిపక్కన ఆ రెండు వేగాలూ ఒకే దిశలో కలుస్తాయి కనుక అక్కడ గాలి నూట ఇరవై దాకా వెళ్తుంది. ఎడమపక్కన ఒకదానికొకటి ఎదురు కనుక ఎనభైకి తగ్గుతుంది. అసలు తుపానులో లెక్క ఇంత నున్నగా ఉండదు గానీ, తేడా ఎటు మొగ్గుతుందో ఇది చెబుతుంది. కుడిపక్కన గాలి బలంగా ఉండటమే కాదు, సముద్రాన్ని ఒడ్డుకు తోస్తుంది. ఎడమపక్కన నీటిని ఒడ్డు నుంచి వెనక్కి నెడుతుంది.

దీనికి సాక్ష్యం కోసం దూరం వెళ్లక్కర్లేదు. 1977 నవంబర్ 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన మాత్రం దివిసీమను ముంచింది. దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చిన ఆ తుపాను దారికి దివిసీమ కుడిపక్కన ఉంది. సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచిన నీరు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టేసింది. వేలమంది చనిపోయారు. తుపాను 'ఎక్కడ తీరం దాటింది' అన్న వార్తకూ, 'ఎక్కడ ముంచింది' అన్న వాస్తవానికీ మధ్య ఉన్న దూరం ఈ కుడి ఎడమల తేడాయే.

అందుకని ప్రశ్నకు జవాబు ఒక్క 'అవును'తో తేలదు. ఉప్పెన వరకు చూస్తే మన తీరంలో మామూలుగా కుడిపక్కే ఎక్కువ ప్రమాదం. అయితే ఉప్పెన ఎత్తు గాలి ఒక్కదాని మీదే ఆధారపడదు. ఒడ్డు దగ్గర సముద్రం లోతు, తీరం వంపు, ఆ సమయంలో సముద్రం పోటు మీదుందా ఆటు మీదుందా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. వాన సంగతి వేరు, ఎడమపక్క ఊళ్లలోనూ కుండపోతగా కురవొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, రేవు నంబర్లు పుట్టింది ఓడల కోసం. తుపాను ఏ పక్కగా పోతుందో తెలిస్తే రేవులో గాలి ఎటు నుంచి ఎటు తిరుగుతుందో నావికుడికి తెలుస్తుంది. దారికి కుడిపక్కనుంటే గాలి సవ్య దిశలో మారుతూ పోతుంది, ఎడమపక్కనుంటే అపసవ్య దిశలో. ఓడను ఎలా కట్టాలో, ఎటు తిప్పాలో ఆ కబురును బట్టి నిర్ణయించుకుంటారు. ఒడ్డున ఉన్న ఊరికి మాత్రం ఆ అంకె ఒక్కటే చాలదు.

ఇంత జవాబు రాబట్టగలిగిన ప్రశ్నలో మూడు లక్షణాలున్నాయి. వక్త చెప్పిన ఒక వాక్యాన్ని ఆధారం చేసుకుంది. దాని నుంచి క్లాసు తన సిలబస్‌తోనే వేయగలిగిన ఒక్క అడుగు ముందుకేసింది. చివర్లో తేల్చి చెప్పాల్సిన ఒకే విషయం అడిగింది. ఆ ఒక్క అడుగు తప్పుదారిలో పడినా నష్టం లేదు. ఎక్కడ తప్పిందో వక్త చూపించగలరు, అందరికీ అర్థమవుతుంది.

ఎక్కడ బెడిసికొడుతుంది?

ఇదే ఉపన్యాసానికి పేలవమైన ప్రశ్నలు కూడా ఊహించుకోవచ్చు. ప్రతిదానికీ ఒక ఆనవాలు ఉంటుంది, అది వక్త జవాబులోనే దొరుకుతుంది.

"తుపాన్లకు పేర్లు ఎవరు పెడతారు సార్?" అన్నది తప్పు ప్రశ్నేమీ కాదు. హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో 13 దేశాలు ఇచ్చిన జాబితా నుంచి వరసగా పెడతారు, హుద్‌హుద్ అన్న పేరు ఒమన్ ఇచ్చింది. జవాబు రెండు వాక్యాల్లో అయిపోయింది. హాలు మళ్లీ మౌనంలోకి వెళ్లింది. ఏ పుస్తకంలోనైనా దొరికే జవాబుకు, నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషిని ఆపి అడగాల్సిన పనిలేదు.

"తుపాన్లు ఎందుకు పెరుగుతున్నాయి, మన ప్రభుత్వాలు ఏం చేయాలి, విద్యార్థులుగా మా పాత్ర ఏమిటి?" అన్నది మూడు ప్రశ్నల మూట. "మూడు అడిగారు, చివరిదానితో మొదలుపెడతాను" అంటూ వక్త అన్నిటికంటే తేలికైనదాన్ని ఎంచుకుంటారు. మిగతా రెండూ గాలికి పోతాయి. అడిగేవాళ్లకు ఆ మూడింట్లో ఏది ముఖ్యమో తెలియలేదన్నమాట.

ఇంకొకటి ప్రశ్న రూపంలో వచ్చే ఉపన్యాసం. చదివినదంతా చెప్పుకుంటూ పోయి, ఆఖరున "దీని మీద మీ అభిప్రాయం?" అంటారు. "అంటే మీరు అడిగేదేమిటి?" అని వక్త తిరిగి అడిగితే ఈ జబ్బు బయటపడినట్టే. "ఇందాక చెప్పాను కదా" అన్నారంటే రాత్రి రాసుకొచ్చిన ప్రశ్నను ఉపన్యాసంతో పోల్చి చూసుకోలేదని అర్థం. ముందే ప్రశ్న తయారు చేసుకోవడంలో తప్పులేదు. కానీ ఒకటి కాదు, రెండు ఉండాలి. ఉపన్యాసంలో జవాబు వచ్చేసినదాన్ని అక్కడికక్కడే కొట్టేయాలి. పై ఉదాహరణలో సీఆర్ అమ్మాయి ఇంటి దగ్గర రాసుకున్న ప్రశ్న, హెచ్చరికలు ఎన్ని గంటల ముందు ఇస్తారన్నది కావచ్చు. తీరానికి 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఇంకొకటి అంటూ వక్త దశలన్నీ వివరించగానే దాని అవసరం తీరిపోయింది. మడిచిన పేజీ అక్కరకొచ్చింది అందుకే.

"జీతం ఎంతొచ్చేది?", "మీలా కావాలంటే మేం ఏం చేయాలి?" లాంటివి తొలి ప్రశ్నకు పనికిరావు. టీ తాగేటప్పుడు అడిగితే ఆయన హాయిగా చెబుతారు. మైకులో మొదటే అడిగితే ఆ తర్వాతి ప్రశ్నలన్నీ అదే దారి పడతాయి, తుపాను సంగతి వెనకబడిపోతుంది.

తప్పు పట్టాలనుకున్నా పట్టొచ్చు, అడిగే తీరు తెలిస్తే చాలు. "మీరు చెప్పింది తప్పు సార్" అంటే వక్త తన మాటను కాపాడుకునే పనిలో పడతారు. "మా పుస్తకంలో ఇలా ఉంది సార్, మీరు చెప్పినదానికీ దీనికీ ఎక్కడ తేడా వస్తోంది?" అంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించే పనిలో పడతారు. క్లాసుకు కావాల్సింది ఆ రెండోదే.

కనిపించని ఏర్పాట్లు

ఇవన్నీ సరిగ్గా జరగాలంటే కొన్ని చిన్న పనులు ముందే చక్కబెట్టుకోవాలి. వక్త పేరు, హోదా, ఇప్పుడు పనిచేస్తున్నారా, రిటైరయ్యారా అన్నది ఆహ్వానం పంపిన లెక్చరర్ని అడిగి కాగితం మీద రాసుకోవాలి. పిలుపులో తడబడితే ఆ తర్వాత ఎంత బాగా మాట్లాడినా ఆ తడబాటే గుర్తుంటుంది. కార్డ్‌లెస్ మైకు అయితే స్విచ్చి ఎక్కడుందో ముందే చూసుకోవాలి. వేదిక ఎక్కాల్సిన పనిలేదు. కూర్చున్న చోటే లేచి మాట్లాడితే వక్తకు ఎదురుగా ఉంటారు, క్లాసులో ఒకరిగానూ ఉంటారు. నడవా పక్క కుర్చీ అందుకే. ప్రశ్న ఒక్కటీ రాసుకుని చదివినా పర్వాలేదు. కృతజ్ఞత మాటలు మాత్రం చూడకుండా చెప్పాలి, లేకపోతే రాత్రి రాసుకొచ్చినవే అనుకుంటారు.

లెక్చరర్ల వంతు కూడా ఒకటుంది. సీఆర్‌కి రెండు రోజుల ముందు ఉపన్యాసం అంశం చెప్పాలి, ప్రశ్న మాత్రం రాసివ్వకూడదు. లెక్చరర్ రాసిచ్చిన ప్రశ్నను వక్త ఇట్టే పసిగడతారు, క్లాసు ఇంకా ముందే పసిగడుతుంది. తొలి ప్రశ్న అందరి ముందూ వేసిన నాటకంలా మారితే ఇక రెండో చెయ్యి లేవదు. జవాబు ముగిశాక వెంటనే "ఇంకెవరైనా?" అని తొందరపెట్టకుండా ఓ అయిదు సెకన్లు ఊరుకోవాలి. మేరీ బడ్ రో కొలిచిన మూడు సెకన్లకు మరో రెండు కలుపుకుంటే హాలు అలవాటు పడుతుంది.

సీఆర్ అడిగింది బాగుందా లేదా అని చూడటానికి వక్త మెచ్చుకోలు కొలబద్ద కాదు. 'గుడ్ క్వశ్చన్' అన్న మాట మర్యాదకు ఎవరికైనా అంటారు. చూడాల్సింది రెండో ప్రశ్న. పై ఉదాహరణలో వెనక వరస నుంచి ఓ అబ్బాయి లేచి, "మరి అంకె చాలదన్నారు కదా సార్, మా ఊళ్లో వాళ్లు ఏం చూసుకోవాలి?" అని అడిగాడనుకోండి. హెచ్చరిక బులెటిన్‌లో మీ జిల్లా పేరు, తీరం దాటే చోటు, ఆ సమయం, ఉప్పెన ఎన్ని మీటర్లు ఉండొచ్చన్న అంచనా చూసుకోవాలని వక్త చెప్పారు. తీరం దాటే చోటుకు మీ ఊరు ఏ పక్కనుందో మీరే గీసుకుని చూడండి అన్నారు. ఆ ప్రశ్న సీఆర్ అడిగినదాని మీద నిలబడి పుట్టింది. వేరే అంశం మీదికి దూకలేదు, అడగాలి కాబట్టి అడిగిందీ కాదు. అది వచ్చిందంటే తొలి ప్రశ్న తన పని చేసినట్టు. అక్కడి నుంచి సీఆర్ మళ్లీ మైకు అడగకూడదు. కుడివైపు కాలమ్‌లో మిగిలిన రెండు ముక్కలూ ఎంత మంచివైనా సరే, అవి టీ దగ్గర అడగాల్సినవి.